చెంబెడు నీళ్ళు తాగినా పదకొండుకే దాహం ఎందుకు?

"ఆపా, మాది శ్రీకాకుళం. మా ఆయనకి గేట్లు, గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపు ఉంది. పోయినేడు రోజాల్లో సహరీకి సేమ్యా, బ్రెడ్డు, టీ పెట్టి, చివర్లో చెంబెడు నీళ్ళు తాగించేదాన్ని. అయినా పదకొండుకే నోరెండిపోతోందనేవారు, మధ్యాహ్నం రెండు దాటితే ఒకటే తలనొప్పి. ఇఫ్తార్‌లో పకోడీలు, షర్బత్, తర్వాత బిర్యానీ తిని తరావీహ్‌లో కునికిపాట్లు. ఈసారి ఏం వండాలి, ఎప్పుడేం తాగించాలి? సోంపేటలో ఉండే మా మామగారికి కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువుందన్నారు, ఆయన కూడా ముప్పై రోజాలూ ఉంటానంటున్నారు. ఏం చెయ్యమంటారు?"

చెల్లీ, ముందు ఆ చెంబు సంగతి చూద్దాం, ఎందుకంటే ఆ పొరపాటు నేనూ చేశాను, అదీ డైటీషియన్ ఉద్యోగంలో చేరాక. 2019లో రోజాలు మే 7న మొదలయ్యాయి, రోహిణి కార్తె ఎండలు కూడా వాటిలోనే పడ్డాయి. అప్పట్లో నేను విజయనగరం నుంచి శ్రీకాకుళం రోజూ బస్సులో వెళ్ళొచ్చేదాన్ని. దాహం వేస్తుందన్న భయంతో అజాన్‌కి పది నిమిషాల ముందు వంటగదిలో నిలబడి లీటరున్నర నీళ్ళు గడగడా తాగేశాను. బస్సు రణస్థలం దాటకముందే నా పరిస్థితి ఎలా ఉందో నువ్వే ఊహించుకో. దిగి, పెట్రోలు బంకులో బతిమాలుకుని బాత్రూమ్‌కి వెళ్ళాల్సి వచ్చింది. తాగిన నీళ్ళలో చాలాభాగం అక్కడే పోయింది, పదకొండుకల్లా నాలుక పిడచకట్టుకుపోయింది.

జరిగేది ఇదే. మన కడుపు ఒంటె మూపు కాదు. ఒక్కసారిగా వట్టి నీళ్ళు లీటరు పోస్తే రక్తం కాస్త పలచనవుతుంది, మెదడు అది వెంటనే కనిపెట్టి "ఎక్కువైంది, వదిలెయ్" అని కిడ్నీలకు కబురు పెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు గంటకి ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా బయటికి పంపగలవు. అంటే మీ ఆయన తెల్లవారుజామున తాగిన చెంబు ఏడు గంటలకే ఖాళీ అయిపోయింది, షాపు షట్టరు ఇంకా ఎత్తకముందే. అవే నీళ్ళు రాత్రంతా కొంచెం కొంచెంగా, అన్నంతో, పప్పుతో, మజ్జిగతో కలిసి లోపలికి వెళ్తే కథ వేరు. తిండిలోని ఉప్పు, పిండి పదార్థం నీటిని పట్టి ఉంచుతాయి, పేగులోంచి మెల్లగా వెళ్తుంది కాబట్టి కిడ్నీలకు ఒక్కసారిగా తోసెయ్యాల్సిన పని ఉండదు.

కాబట్టి లెక్క సహరీ నుంచి కాదు, మగ్రిబ్ నుంచి మొదలుపెట్టు. రంజాన్ ఫిబ్రవరి, మార్చిల్లో పడినప్పుడు మన వైపు సుమారు ఐదింటికి ఫజర్, ఆరింటికి అటూ ఇటూగా ఇఫ్తార్ (కచ్చితమైన టైము మీ మసీదు పట్టికలో చూసుకో, నెల గడిచేకొద్దీ మారుతూ ఉంటుంది). అంటే పగలు పదమూడు గంటలు ఉపవాసం, రాత్రి పదకొండు గంటలు తినడానికీ తాగడానికీ. నిద్రకి ఐదున్నర, ఆరు గంటలు తీసేసినా ఐదు గంటలు మిగులుతాయి. వెల్డింగ్ పని చేసే మనిషికి ఆ ఐదు గంటల్లో పది పదకొండు గ్లాసులు, అంటే రెండున్నర లీటర్ల పైన లోపలికి వెళ్ళాలి. ఇంట్లో నీడపట్టున ఉండేవాళ్ళకి ఎనిమిది చాలు. గ్లాసు అంటే పావు లీటరుది, మన ఇళ్ళల్లో ఉండే పెద్ద స్టీలు గ్లాసు. ఓసారి కొలిచి చూడు, కొన్ని గ్లాసులు చూడ్డానికి పెద్దవిగా ఉండి నూట ఎనభైకి మించి పట్టవు.

ఇంక తలనొప్పి. నీళ్ళు తక్కువై కూడా రావచ్చు, నేను కాదనను, కానీ నాకు ముందు అనుమానం టీ మీదే. రోజుకి ఎన్ని టీలు తాగుతారో నువ్వు రాయలేదు గానీ, షాపులో కూర్చునేవాళ్ళ సంగతి నాకు తెలుసు, కస్టమర్ వచ్చినా టీ, కరెంటు పోయినా టీ. అయిదారు టీలకి అలవాటుపడ్డ ఒంటికి ఒక్కసారిగా ఆపేస్తే చివరి టీ తాగిన పన్నెండు గంటల నుంచి ఇరవై నాలుగు గంటల లోపు తలనొప్పి మొదలవుతుంది, ఒకటి రెండు రోజులు బాగా ముదిరి, వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. పోయినేడు గుర్తు తెచ్చుకో, తలనొప్పి మొదటి వారంలో ఎక్కువగా ఉండి తర్వాత తగ్గిందా? అయితే అది టీ తలనొప్పే. నెలంతా ఒకేలా, పని ఎక్కువున్న రోజున ఇంకా ఎక్కువగా వచ్చిందంటే అది నీటి లోటు, నిద్ర లోటు.

టీ తలనొప్పికి మందు రంజాన్‌కి ముందే వెయ్యాలి. షాబాన్ చివరి పది రోజులూ రెండు మూడు రోజులకి ఒక టీ చొప్పున తగ్గించండి, ముందు సాయంత్రం నాలుగు గంటల టీ, తర్వాత పదకొండు గంటల టీ. పగటి టీలు లేకపోయినా ఒళ్ళు అలవాటుపడాలి, అదే మన లెక్క. రోజాలు మొదలయ్యాక ఇఫ్తార్ తర్వాత ఒక కప్పు, సహరీలో కావాలంటే ఒక చిన్న కప్పు. "సహరీలో టీ తాగితే నీళ్ళన్నీ లాగేస్తుంది" అని చాలామంది అంటారు, అలవాటున్నవాళ్ళకి ఒక కప్పు టీ అంత పని చెయ్యదు. అసలు నష్టం ఏమిటంటే టీ తాగితే నోరు తడిసినట్టనిపించి నీళ్ళ జోలికి వెళ్ళరు, తీపి టీతో బ్రెడ్డు ముంచుకు తినేసి అన్నం వద్దంటారు. మీ ఇంట్లో జరిగింది అదే.

సేమ్యా, బ్రెడ్డు, టీ. ఈ మూడూ పండక్కి బాగుంటాయి. మైదా, చక్కెర కదా, గంట రెండు గంటల్లో అరిగి రక్తంలోకి వచ్చేస్తాయి, ఆ తర్వాత ఖాళీ. మన లివర్‌లో సుమారు వంద గ్రాముల నిల్వ పిండి పదార్థం ఉంటుంది, పగలంతా రక్తంలో చక్కెర పడిపోకుండా ఆపేది అదే, దానికి తోడు కొవ్వు కరుగుతుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న మనిషి పదమూడు గంటలు తినకపోతే పడిపోడు. కానీ కడుపులో తిండి నాలుగైదు గంటలు నిలబడితే ఆ నిల్వ మీద చెయ్యి పడటం అంత ఆలస్యమవుతుంది, ఆకలి కూడా తెలియదు. నిలబడేది ఏమిటి? పప్పు, గుడ్డు, పెరుగు, కూర, వీటితో పాటు అన్నం. ఒక్క అన్నమే తింటే నిలబడదు.

మీ ఆయనకి సహరీకి ఇలా పెట్టి చూడు: రెండు గరిటెల అన్నం, గట్టిగా వండిన కందిపప్పో పెసరపప్పో ఒక గిన్నెడు, రెండు ఉడికించిన గుడ్లు లేదా రాత్రి మిగిలిన చేపల కూర, బీరకాయో ఆనపకాయో కూర కొంచెం, ఒక కప్పు పెరుగు, చివర్లో ఒక అరటిపండు. రాత్రే పప్పు, కూర చేసి పెట్టుకుంటే తెల్లవారుజామున వేడి చేసుకోవడమే. గంటి రొట్టె అలవాటుంటే అన్నం బదులు రెండు రొట్టెలు ఇంకా మంచిది. పెసరట్టు కూడా బాగా ఆగుతుంది, కానీ నాలుగింటికి లేచి అట్లు పోసే ఓపిక ఎవరికుంది చెప్పు, నాకైతే లేదు.

చోడి అంబలి గురించి ఒక మాట, ఎందుకంటే మన ఉత్తరాంధ్రలో ఎవరినడిగినా "చోడంబలి తాగు, సాయంత్రం దాకా ఆగుతుంది" అంటారు. చోళ్ళు మంచివే, క్యాల్షియం బాగా ఉంటుంది. అయితే మెత్తగా ఆడించిన చోడి పిండిని పలచగా కాచి తాగితే అది అన్నం కంటే ఎక్కువసేపేమీ ఆగదు, పిండి ఎంత మెత్తనైతే అంత తొందరగా అరుగుతుంది. పొలం పనికి వెళ్ళేవాళ్ళని అంబలి ఆదుకుందంటే వాళ్ళు దాన్ని మళ్ళీ మళ్ళీ తాగేవారు, ఉల్లిపాయ, చేప ముక్క నంజుకునేవారు. రోజాలో మళ్ళీ మళ్ళీ కుదరదు కదా. అందుకని అంబలిని భోజనం అనుకోకు, మజ్జిగ, ఉప్పు కలిపి తాగే నీళ్ళ కింద లెక్కెయ్యి, పక్కన గుడ్డు, పప్పు ఉండాలి. అలాగైతే చాలా మంచి సహరీ.

ఉప్పు దగ్గర రెండు వైపులా తప్పు జరుగుతుంది. ఎండు మెత్తళ్ళు, ఆవకాయ, అప్పడాలు సహరీలో వేస్తే పది కాకముందే దాహం, ఆ సంగతి అందరికీ తెలుసు. కానీ దానికి భయపడి "ఉప్పు లేకుండా తిను" అనే పెద్దలుంటారు, అదీ సరికాదు. చెమట పట్టే మనిషి ఉప్పు కూడా పోగొట్టుకుంటాడు, వట్టి నీళ్ళు తాగితే అవి నిలవవు. పప్పులో, కూరలో రోజూ వేసే ఉప్పు వెయ్యి, మజ్జిగలో చిటికెడు వెయ్యి, నిల్వ పచ్చళ్ళని, ఎండు చేపల్ని ఇఫ్తార్ తర్వాతి భోజనానికి మార్చు. బీపీ ఉన్నవాళ్ళకి ఈ లెక్క వేరు, డాక్టరు చెప్పిన ఉప్పే.

ఇఫ్తార్‌కి వద్దాం. పకోడీలు మానెయ్యమని నేను చెప్పను. మా ఇంట్లోనే జరగదు, మా ఆయన ఉల్లిపాయలు కోస్తూ కూర్చుంటారు. కానీ అవి ఎప్పుడు లోపలికి వెళ్తున్నాయన్నదే తేడా. పదమూడు గంటలు ఖాళీగా ఉన్న కడుపులో ముందు నూనె పడితే అది కడుపులోంచి కదలదు, దాని వెనక షర్బత్, దాని వెనక బిర్యానీ వరసగా నిలబడతాయి. రెండు గంటల తర్వాత తరావీహ్‌లో సజ్దాకి వంగితే అంతా గొంతులోకి ఎగదన్నుతుంది, పులితేన్పులు, గుండెల్లో మంట. నిద్ర కూడా అందుకే, ఒక పూట బరువంతా గంటలో దించేస్తే కునుకు రాక ఏం చేస్తుంది. షర్బత్ సంగతి కూడా చూసుకో. రంగు సిరప్ నాలుగు చెంచాలు, పైన ఇంకో రెండు చెంచాల పంచదార వేసి కలిపితే అది మిఠాయి కింద లెక్క. అంత చిక్కటి తీపి పేగులోంచి మెల్లగా వెళ్తుంది, దాహం వెంటనే తీరదు. అందుకే ఒక గ్లాసు తాగాక ఇంకో గ్లాసు అడుగుతారు. సిరప్ ఒక చెంచాకి తగ్గించి, సబ్జా గింజలు నానబెట్టి వేసి, నిమ్మకాయ పిండు, రుచి పోదు.

వరస ఇలా పెట్టుకో. అజాన్ కాగానే రెండు మూడు ఖర్జూరాలు, ఒక గ్లాసు నీళ్ళు మెల్లగా. తర్వాత ఒక గిన్నె గంజి. తర్వాత మగ్రిబ్ నమాజ్. ఆ పది పదిహేను నిమిషాలు చాలా విలువైనవి, ఖర్జూరంలో ఉన్న చక్కెర ఈలోపు రక్తంలోకి వస్తుంది, "ఇల్లంతా తినేయాలి" అన్న ఆత్రం తగ్గుతుంది. నమాజ్ అయ్యాక వచ్చి రెండు పకోడీలు, కొంచెం పుచ్చకాయ, ఆ తర్వాత మామూలు రాత్రి భోజనం, రోజూ తినేదానికంటే కాస్త తక్కువే. బిర్యానీ శుక్రవారానికి ఉంచు.

గంజి ఎలా చేస్తానో చెప్తాను, ఎందుకంటే నీళ్ళు, ఉప్పు, పప్పు, బియ్యం నాలుగూ ఒకే గిన్నెలో వస్తాయి, ఖాళీ కడుపుకి ఇంతకంటే హాయైనది నాకు తెలియదు. ఐదుగురికి ఒక గ్లాసు బియ్యం నూక, అర గ్లాసు పెసరపప్పు కడిగి, అర చెంచా మెంతులతో కలిపి అరగంట నానబెట్టు. కుక్కర్లో చెంచా నూనె వేసి, చిన్న దాల్చినచెక్క ముక్క, రెండు లవంగాలు, ఒక ఉల్లిపాయ, చెంచా అల్లంవెల్లుల్లి ముద్ద, ఒక టమాట, పచ్చిమిర్చి వేయించు. ఉంటే గుప్పెడు ఖీమా వెయ్యి, లేకపోతే క్యారెట్ ముక్కలు. నానిన నూక, పప్పు వేసి ఎనిమిది గ్లాసుల నీళ్ళు పొయ్యి, తగినంత ఉప్పు, నాలుగు కూతలు. మూత తీశాక గరిటెతో మెదిపి, అర గ్లాసు కొబ్బరి పాలు పోసి ఒక్క పొంగు రానిచ్చి దించెయ్యి, పైన పుదీనా. గరిటె ఎత్తితే ధారగా జారాలి, ముద్దగా పడితే నీళ్ళు తక్కువైనట్టు, చల్లారేకొద్దీ ఇంకా బిగుస్తుంది కాబట్టి ఒక గ్లాసు వేడినీళ్ళు పక్కన ఉంచుకో. అసర్ నమాజ్ అయ్యాక పొయ్యెక్కిస్తే ఇఫ్తార్‌కి గోరువెచ్చగా ఉంటుంది. రోజాలో ఉండి ఉప్పు రుచి చూడలేం కదా అని కంగారుపడకు, మొదటి రోజు చెంచాతో కొలిచి వేసి, తిన్నాక సరిచూసుకుని, ఆ కొలత గుర్తుపెట్టుకో.

ఇప్పుడు మీ ఆయన ఒక రోజు ఎలా గడవాలో వేసి చూద్దాం. ఆరింటికి ఇఫ్తార్, ఖర్జూరాలతో ఒక గ్లాసు నీళ్ళు, గంజిలో ఒక గ్లాసు. ఏడింటికి భోజనం, దాంతో ఒక గ్లాసు. ఎనిమిదింటికి ఇషాకి బయల్దేరేటప్పుడు అర లీటరు బాటిల్ చేతికిచ్చి పంపు, తరావీహ్‌లో నాలుగేసి రకాతులకి కాస్త ఆగుతారు కదా, అప్పుడు రెండేసి గుక్కలు తాగితే ఇంటికొచ్చేసరికి అయిపోతుంది, అవి రెండు గ్లాసులు. తొమ్మిదిన్నరకి వచ్చాక ఒక పండు, ఒక గ్లాసు మజ్జిగ, పడుకునే ముందు ఇంకో గ్లాసు నీళ్ళు. ఇప్పటికి ఏడయ్యాయి. పదిన్నరకల్లా పడుకోవాలి, వీధి చివర స్నేహితులతో పన్నెండింటి దాకా కూర్చుంటే నేను చెప్పినవేవీ పనిచెయ్యవు, మొహమాటం లేకుండా చెప్తున్నాను. నాలుగుంబావుకి లేవగానే ఒక గ్లాసు, అన్నం తింటూ ఒక గ్లాసు, చివర్లో మజ్జిగ ఒక గ్లాసు. మొత్తం పది. చెమట ఎక్కువ పట్టిన రోజున భోజనానికీ ఇషాకీ మధ్య ఇంకోటి పెంచుకోవచ్చు. రాత్రి ఒకసారి బాత్రూమ్‌కి లేస్తే ఫర్వాలేదు, మూడుసార్లు లేస్తున్నారంటే పడుకునే ముందు గ్లాసుని ఏడున్నరకి జరుపు.

పని సంగతి కూడా తిండి సంగతే. బయట సైటులో గ్రిల్ బిగించే పని, ఎండలో చేసే పని ఉదయం ఏడు నుంచి పదకొండు లోపు పెట్టుకోమను. మధ్యాహ్నం కొలతలు, కటింగ్, పెయింటు, అదీ నీడలో. వెల్డింగ్‌కి దళసరి బట్టలు, గ్లౌజులు, ముఖానికి షీల్డు వేసుకున్న మనిషికి మామూలు మనిషి కంటే ఎక్కువ చెమట పడుతుంది, పైగా అది బట్టలోనే ఇంకిపోయి బయటికి కనపడదు. జొహర్ తర్వాత ఒక అరగంట ఖైలూలా, షాపు వెనక చాప వేసుకుని అయినా సరే. రెండు గంటల నీరసానికి సగం కారణం రాత్రి తెగిన నిద్రే.

సరిపోతున్నాయో లేదో తెలుసుకోవడానికి మిషన్లేమీ అక్కర్లేదు, మూత్రం రంగు చూసుకోమను. సహరీకి లేచినప్పుడు లేత పసుపు ఉండాలి, అది ముదురుగా ఉందంటే రాత్రి తాగింది చాలలేదు. అసర్ వేళకి ముదురు పసుపు రావడం మామూలే, దానికి భయపడక్కర్లేదు. టీ డికాషన్ రంగు వస్తే, లేదా ఉదయం తొమ్మిది తర్వాత సాయంత్రం దాకా అసలు రాకపోతే మాత్రం మర్నాడు తప్పకుండా మార్చుకోవాలి. బీ కాంప్లెక్స్ మాత్రలు వాడుతుంటే రంగు ఎలాగూ చిక్కటి పసుపే, అప్పుడు ఈ గుర్తు పనికిరాదు. బరువు తూచే మిషన్ ఉంటే వారానికోసారి సహరీకి ముందు, బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక చూసుకుంటే చాలు. నెలకి కిలో, కిలోన్నర తగ్గితే తగ్గనీ, రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోలు తగ్గిందంటే అది కొవ్వు కాదు, నీళ్ళు.

పనిలో ఉండగా కళ్ళు బైర్లు కమ్మి, మాట తడబడితే, వాంతులైతే, కండరాలు పట్టేస్తే, ఎండలో ఉండి చెమట ఆగిపోయి ఒళ్ళు కాలిపోతుంటే రోజా విడవాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు విడిచి తర్వాత ఖజా చేసుకునే వెసులుబాటు ఉంది, ఆ గంటలో పట్టుదలకి పోకూడదు. నీడలోకి తీసుకెళ్ళి, బట్టలు వదులు చేసి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, స్పృహ ఉంటే ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ లీటరు నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా పట్టించాలి. మాట తికమకగా ఉన్నా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చెయ్యి. ఓఆర్ఎస్ రోజూ సహరీలో కలుపుకుని తాగేవాళ్ళని చూస్తున్నాను ఈ మధ్య. అన్నం, మజ్జిగ తినే మనిషికి దాని అవసరం లేదు, ఆ ఉప్పంతా అదనమే.

నీ సంగతి ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, గమనించావా? సహరీకి అందరికీ పెట్టి, నువ్వు అజాన్‌కి ఐదు నిమిషాల ముందు నిలబడి రెండు ముద్దలు మింగి, సగం గ్లాసు నీళ్ళు తాగుతావు, ఇఫ్తార్‌కి పొయ్యి దగ్గర నాలుగింటి నుంచీ చెమటోడుస్తావు. నేను ఊహించి రాయడం కాదు, నా దగ్గరికి వచ్చే ఆడవాళ్ళలో రంజాన్‌లో నీరసపడేది ఎక్కువగా వండేవాళ్ళే. నాలుగింటికి లేచినప్పుడు నీ గ్లాసు నీళ్ళు ముందు తాగు, తర్వాత పొయ్యి వెలిగించు. కంచాలు అందరికీ ఒకేసారి పెట్టు, ఎవరి అన్నం వాళ్ళు వడ్డించుకుంటే రోజాకేమీ భంగం రాదు. రక్తం తక్కువ అని నీకెప్పుడైనా డాక్టరు చెప్పి ఉంటే భోజనం పక్కనే టీ పెట్టుకోకు, గంట ఆగి తాగు, తిండిలోని ఐరన్ ఒంటికి పట్టనివ్వదు అది.

ఇంక మామగారు. ఇక్కడ నేను కాస్త గట్టిగా మాట్లాడాలి, ఏమనుకోకు. సోంపేట అంటే ఉద్దానం. కవిటి, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, ఈ చుట్టుపక్కల ఇళ్ళల్లో కిడ్నీ జబ్బు ఎలా వస్తోందో మనకెవరూ చెప్పక్కర్లేదు, పక్కింట్లోనే చూస్తున్నాం. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు, కానీ దెబ్బతిన్న కిడ్నీ నీటి లోటుని తట్టుకోలేదన్నది మాత్రం తేలిన విషయం. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ పగలంతా నీళ్ళు లేకపోతే మూత్రాన్ని చిక్కబరిచి నీటిని దాచుకుంటుంది. జబ్బున్న కిడ్నీకి ఆ పని చేతకాదు, నీళ్ళు లేకపోయినా పలచటి మూత్రమే పోతుంది. అందుకే ఆయనకి రంగు చూసి చెప్పే గుర్తు కూడా నమ్మొద్దు. "లేతగానే వస్తోంది, నాకేం కాలేదు" అంటారు, లోపల నీళ్ళు అయిపోతుంటాయి.

ఇంకో చిక్కుంది. పైన నేను మీ ఆయనకి చెప్పినవాటిలో సగం మామగారికి పనికిరావు. ఉద్దానం కొబ్బరికాయలకి పెట్టిన పేరు, ఇఫ్తార్‌కి కొబ్బరిబొండం ఇవ్వకుండా ఎవరూ ఉండరు. కొబ్బరి నీళ్ళు, ఖర్జూరం, అరటిపండు, పప్పు గంజి, అన్నిటిలో పొటాషియం ఉంటుంది, కిడ్నీ నెమ్మదించినవాళ్ళలో అది రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ముందుగా ఏ నొప్పీ తెలియదు. అందుకని రంజాన్‌కి కనీసం రెండు వారాల ముందు క్రియాటినిన్, పొటాషియం, దాంతో పాటు మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించండి. పలాసలో ప్రభుత్వ కిడ్నీ ఆసుపత్రి ఉంది కాబట్టి వైజాగ్ దాకా పోనక్కర్లేదు. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ అని, కిడ్నీలు ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పే ఒక అంకె ఉంటుంది, "కొంచెం ఎక్కువుంది" అన్న మాట కంటే ఆ అంకె ముఖ్యం. అది అరవై కంటే తక్కువై, మూడు నెలల తర్వాత చేసినా అలాగే ఉంటే దాన్ని కిడ్నీ జబ్బు కిందే లెక్కవేస్తారు, అప్పుడు రోజా ఉండాలా వద్దా అన్నది నువ్వూ నేనూ కాదు, కిడ్నీ డాక్టరు చెప్పాలి. బీపీ మాత్రలు వాడుతుంటే అవి కూడా తీసుకెళ్ళు. వాటిలో నీరు లాగే మాత్ర ఉందేమో, ఉంటే సహరీలో వెయ్యాలా ఇఫ్తార్‌లో వెయ్యాలా అని అడుగు, సొంతంగా మార్చొద్దు.

డాక్టరు వద్దంటే ఆయన బాధపడతారు, అది నాకు తెలుసు. మా నాన్నగారికి షుగర్ మందులు పెరిగిన ఏడాది ఇదే గొడవ, మూడు రోజులు నాతో మాట్లాడలేదు. కోడలు చెప్తే వినరు, మీ ఆయన చెప్తే "నువ్వు నాకు చెప్పేవాడివయ్యావా" అంటారు. మేం చేసింది ఏమిటంటే రిపోర్టు పట్టుకుని నాన్నని ఇమామ్ గారి దగ్గరికి తీసుకెళ్ళాం. జబ్బు తగ్గేదైతే తర్వాత ఖజా, తగ్గేది కాకపోతే రోజుకొక పేదవాడికి భోజనం, ఫిద్యా, ఇదంతా ఆయన నోటితోనే విన్నాక నాన్న నెమ్మదించారు. రోజాలు లేకపోయినా సహరీకి లేచి అందరితో కూర్చునేవారు, తన మాత్రలు, తన ఇడ్లీలు తను తిని, మాకందరికీ టైము చెప్తూ ఉండేవారు, "ఇంకా ఎనిమిది నిమిషాలుంది, నీళ్ళు తాగండి" అని.